చిన్నక్క రికార్డు చేస్తోంది

జూన్ 3

పెద్దమ్మకి,

ఫోను ముట్టుకోనని ఒట్టు పెట్టుకుని కూర్చున్నావు కాబట్టి కాగితం మీద అరుస్తున్నాను, చెవులు మూసుకోకు.

నిన్న మన ఊరివాళ్ళ గ్రూపులో విజ్ఞప్తి పెట్టాను. బడికి లైబ్రరీ కావాలని, దానికి చిన్నక్క పేరు పెట్టాలని. మా బైండింగు షాపులో మధ్యాహ్నం జనం పలచబడ్డాక, జిగురు ఆరేలోపు కౌంటరు వెనక నిలబడి రాశాను. మా షాపుకి కరపత్రాలు అచ్చయి వస్తాయి కదా, మడతపెట్టే ముందు ప్రతిదీ చదువుతాను. నా చదువంతా అక్కడిదేనని నీకు తెలుసు. ఆ ఊపులో రాశాను: "అక్షరం కొందరి సొత్తు కాదు! అజ్ఞానపు గోడల్ని బద్దలుకొట్టే ఆయుధం పుస్తకమే!" ఇలా చాలా పొడుగ్గా. పైన చిన్నక్క ఫొటో పెట్టాను, నీలం చీరలో, పుస్తకాల సంచి భుజాన వేసుకుని నవ్వుతున్నది. చివర ఒకే ఒక్క బొమ్మ, చేతులు జోడించినది. చిన్నక్కకి మెసేజిల్లో బొమ్మలు పోసేవాళ్ళంటే చిరాకు కదా. "చెప్పడానికి మాట లేనప్పుడే బొమ్మ పెట్టాలే" అనేది. అందుకే ఒక్కటే.

ఏం జరిగిందో చెప్తే నవ్వుతావు. కాదు, నవ్వవు. పొడుగు మెసేజి పెడితే గ్రూపులో మొదటి నాలుగు ముక్కలే కనబడి, మిగతాది "ఇంకా చదవండి" అనేదాని వెనక దాక్కుంటుంది. దాన్ని నొక్కే ఓపిక ఎవడికుంది? పైన ఫొటో చూశారు. చనిపోయిన మనిషి ఫొటో. కింద వరసగా చేతులు జోడించడం మొదలుపెట్టారు. మధ్యలో "ఆత్మకు శాంతి కలగాలి" ఒకటి, "మరీ చిన్న వయసు" ఒకటి. ఒకాయనైతే "ఎప్పుడు జరిగింది?" అని అడిగాడు. వేసవి మొదట్లో ఆ జ్వరానికి పోయినప్పుడు ఇదే మనిషి సంతాపం చెప్పాడు పెద్దమ్మా!

అందరూ చేతులు జోడించారు. ఒక్కడూ జేబు విప్పలేదు. ఇది సమాజమా, బొమ్మల కొలువా?

ఫొటో పెట్టేముందు నిన్ను అడగాల్సింది. ఇప్పుడు అడుగుతున్నాను.

పెద్దనాన్న కుట్టు మిషను మీద కూర్చుంటున్నాడా?

మండుతూ,
నీ అగ్గిపుల్ల


జూన్ 9

ఏమే అగ్గిపుల్లా,

పెట్టేసి అడగడం బాగుందే. మా అమ్మాయి బొమ్మ నేను చూసింది ఎక్కడో తెలుసా? బడి గేటు దగ్గర, ఎవరో తల్లి చేతిలో ఫోనులో. నేను లాంగ్‌బెల్ కొట్టి వస్తున్నాను. ఆవిడ నన్ను చూసి గబుక్కున ఫోను వెనక్కి దాచింది. దాస్తే కనబడదా? ఆ వారమంతా మళ్ళీ పరామర్శలే. ఒకసారి ఏడ్చిన ఏడుపు మళ్ళీ కొత్తగా ఏడవమంటే ఎక్కణ్ణుంచి తేను?

లైబ్రరీ వద్దని నేను అనను. అది దాని కోరికే కదా. బడి పిల్లలకి కథలు చదవడానికి పుస్తకాల సంచి మోసుకుని తిరిగి తిరిగి భుజం కాయ కాసిపోయింది పిల్లకి. కానీ దాని ముఖం చూపించి అడగొద్దు. పుస్తకాలు కావాలంటే పుస్తకాలు కావాలని అడుగు. బద్దలుకొట్టడాలూ ఆయుధాలూ ఎందుకు? మా హెడ్‌మాస్టారు చదివి, "ఈ అమ్మాయి బడి కట్టమంటోందా, కూల్చమంటోందా?" అన్నారు.

మీ పెద్దనాన్న సంగతి అడిగావు. మిషను మీద దుప్పటి కప్పి ఉంచాడు. ఎవరో స్కూలు యూనిఫారాలు కుట్టమని గుడ్డ ఇచ్చి వెళ్ళారు, అది గడప దగ్గరే ఉంది. మాట్లాడడు. అన్నం పెడితే తింటాడు, పెట్టకపోతే అడగడు.

దాని ఫోను ఆపేసి, తువ్వాల్లో చుట్టి, ట్రంకు పెట్టెలో దుప్పట్ల అడుగున పెట్టాను. అందులో దాని గొంతు ఉంది. ఇంట్లో ఎవరూ ముట్టుకోవద్దని చెప్పాను. నీకూ అదే చెప్తున్నాను.

తిండి సరిగ్గా తిను. జిగురు చేతులతో తినకు.

పెద్దమ్మ


జూన్ 15

పెద్దమ్మకి,

తిట్లు అందినవి. ఫొటో తీసేశాను. చేతుల బొమ్మ తీసేశాను. ఆయుధాలు కూడా కింద పెట్టేశాను, అదొక్కటే కొంచెం బాధగా ఉంది.

హెడ్‌మాస్టారితో ఫోనులో రెండు సార్లు పోట్లాడి, ఆయన చెప్పినవి సగం ఒప్పుకుని, కొత్తగా రాశాను. ఆయనకి చెప్పకు, కానీ మొదటి మెసేజిలో నా ఖాతా నెంబరు ఇవ్వడం నా బుద్ధితక్కువే. ఎవరైనా ఎందుకు నమ్మాలి? ఇదిగో, ఇప్పుడు పెట్టింది:

"మన ఊరి బడిలో లైబ్రరీ గది సిద్ధం చేద్దాం, డబ్బు సాయం కావాలి.

బడి వెనక గది ఖాళీగా ఉంది. గోడలు గట్టివే. కిటికీకి తలుపులు లేక వాన లోపలికి కొడుతోంది. కావలసినవి: కిటికీ తలుపులు, రెండు బీరువాలు, చాపలు, పిల్లల కథల పుస్తకాలు. దేనికి ఎంతవుతుందో వడ్రంగి, పుస్తకాల షాపు రాసిచ్చిన అంచనాలు కింద ఫొటోల్లో ఉన్నాయి.

📚 డబ్బు తల్లిదండ్రుల కమిటీ ఖాతాకే పంపండి. కింది క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే కమిటీ పేరు కనబడాలి. వేరే పేరు కనబడితే పంపకండి. తీయాలంటే హెడ్‌మాస్టారు, కమిటీ అధ్యక్షురాలు ఇద్దరి సంతకాలూ ఉండాలి.

పంపాక స్క్రీన్‌షాట్ గ్రూపులో పెట్టొద్దు. హెడ్‌మాస్టారికి విడిగా పంపితే రసీదు ఇస్తారు. ఎవరు ఎంత ఇచ్చారో బయటపెట్టం. మొత్తం ఎంత చేరిందో, దేనికి ఖర్చయిందో ప్రతి ఆదివారం రాస్తాం.

పాత పుస్తకాలూ తీసుకుంటాం. మీ పిల్లలకి మీరే చదివి వినిపించేలాంటివైతేనే ఇవ్వండి. వచ్చే నెలాఖరు వరకు. అనుమానం ఉంటే బడికొచ్చి గది చూడండి."

ఒక్కటే బొమ్మ, డబ్బు ఎక్కడికి పంపాలో ఆ వాక్యం ముందు. కళ్ళు అక్కడికి పోవాలని. చిన్నక్క ఒప్పుకునేదే అనుకుంటా.

గ్రూపు నడిపే మందుల షాపాయన ఉన్నాడు చూడు, ఆయన ఇచ్చినవాళ్ళ పేర్లు పైనించి కిందికి రాయాలని పట్టుబట్టాడు. "పేర్లు కనబడితేనే పక్కవాడు సిగ్గుపడి ఇస్తాడమ్మా" అంటాడు. ఇది దానమా, వేలంపాటా అన్నాను. తక్కువ ఇచ్చేవాడు అసలు ఇవ్వకుండా పోతాడు అన్నాను. "నీకు నోరెక్కువ" అన్నాడు. అవును, ఎక్కువే.

ఇంకొక గొడవ. మెసేజి పంపితే పక్కన చిన్న టిక్కు పడుతుంది. గ్రూపులో అయితే, అందరి ఫోన్లకీ చేరాకే రెండో టిక్కు. అందరూ తెరిచి చూశాకే ఆ రెండూ నీలం. నా మెసేజికి ఒక్క టిక్కే. వేసవి నుంచి ఆ గ్రూపులో నేను ఏం పెట్టినా ఒక్క టిక్కే. ఎవరికి చేరలేదో చూస్తే, ఒకే ఒక్క పేరు. చిన్నక్క.

ఆ నెంబరు తీసేద్దామన్నాడు మందుల షాపాయన. "పోయినవాళ్ళ నెంబరు ఉంచుకోవడం మంచిది కాదు" అట. తీస్తే నేనూ పోతానన్నాను. ఊరుకున్నాడు.

ఆ ఒక్క టిక్కు చూసినప్పుడల్లా, గుమ్మంలో ఎవరికోసమో తలుపు తీసి ఉంచినట్టు ఉంటుంది. ఉండనీ.

నీ అగ్గిపుల్ల


జూన్ 22

అగ్గిపుల్లకి,

ఇది బాగుంది. "మీరే చదివి వినిపించేలాంటివైతేనే" అన్న మాట మీ పెద్దనాన్నకి రెండుసార్లు చదివి చెప్పాను. తల ఊపాడు. ఈ మధ్య ఆయన తల ఊపడమే గొప్ప.

బడిలో కదలిక వచ్చింది. హెడ్‌మాస్టారు రసీదు పుస్తకం కొత్తది కొన్నారు. వడ్రంగి వచ్చి కిటికీకి కొలతలు తీసుకున్నాడు. ఎవరో రెండు అట్టపెట్టెల పాత పుస్తకాలు తెచ్చి దింపారు. ఒకదాని నిండా పోటీ పరీక్షల గైడ్లే. "ఇవి పిల్లలకి చదివి వినిపిస్తారా అండీ?" అని అడిగాను, తిరిగి మోసుకుపోయారు.

నువ్వు రాసిన టిక్కుల సంగతి నాకు నచ్చలేదు. దానికి చేరలేదంటావేమిటే? ఎలా చేరుతుంది? చేర్చాలని చూస్తున్నావా? అలాంటివి రాయకు. ఆ ఉత్తరం చదివిన రోజు బడి గంట కొట్టడం మరిచిపోయాను. పిల్లలు కూర్చునే ఉన్నారు పాపం.

మీ పెద్దనాన్న బయట తిరగడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నం పూట బజారు దాకా వెళ్ళి వస్తాడట, పక్కింటావిడ చెప్పింది. ఎందుకని అడిగితే "ఊరికే" అన్నాడు. పోనీలే, ఎండ తగిలినా మంచిదే.

పెద్దమ్మ


జూన్ 27

పెద్దమ్మా,

నిన్న షాపులో పుస్తకం వీపుకి జిగురు రాస్తూ ఫోను చూశాను. నా విజ్ఞప్తి పక్కన రెండు టిక్కులు.

కళ్ళు నులుముకున్నాను. జిగురు కంట్లో పడింది. కడుక్కుని వచ్చేసరికి ఆ రెండూ నీలంగా మారాయి. నొక్కి చూశాను. "చదివినవారు" అన్న చోట, అందరి పేర్లకీ పైన, చిన్నక్క.

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. మూఢనమ్మకాల మీద వచ్చిన కరపత్రాలు ఒక కట్ట నా మంచం కింద ఉన్నాయి. అయినా ఏం జరిగిందో విను పెద్దమ్మా. మా షాపు ఓనరు, "ఏమ్మా, కట్ట తలకిందులుగా కుట్టావు" అన్నాడు. నిజంగానే కుట్టాను.

అక్కడితో అయిపోలేదు. గ్రూపు పేరు కింద చిన్న అక్షరాల్లో వచ్చింది: "చిన్నక్క రికార్డు చేస్తోంది…" ఎవరైనా మైకు గుర్తు నొక్కి పట్టుకుని మాట్లాడుతుంటే అలా చూపిస్తుంది. చుక్కలు ఆడాయి. ఆగిపోయింది. మళ్ళీ వచ్చింది. ఆగిపోయింది. మాటేం రాలేదు.

నేనొక్కదాన్నే కాదు, గ్రూపంతా చూసింది. "ఎవరిది ఈ నెంబరు?" అని ఒకరు. "భయమేస్తోంది, తీసేయండి" అని ఒకరు.

సూటిగా అడుగుతున్నాను, కోపగించుకోకు. ఫోను ఎవరికైనా ఇచ్చేశావా? అమ్మేశావా? సిమ్ము ఎవరి చేతిలో ఉంది? దొంగ ఎవడైనా చిన్నక్క పేరు వెనక కూర్చుని మా మాటలు వింటున్నాడా? వెంటనే రాయి.

అగ్గిపుల్ల


జూలై 2

నీ ఉత్తరం అందింది.

నా బిడ్డ ఫోను నేను అమ్ముకున్నానా? ఎంత మాట అన్నావే! ట్రంకు పెట్టె తీసి, దుప్పట్ల కింద చెయ్యి పెట్టి చూశాను. తువ్వాలు మూట అక్కడే ఉంది. గట్టిగా తగిలింది. విప్పలేదు, విప్పే ధైర్యం నాకు లేదు. పెట్టె మూసేశాను.

ఇప్పుడు నేను అడుగుతాను. హెడ్‌మాస్టారు చెప్పారు, ఫోనుల్లో ఎవరి పేరుతో కావాలంటే వాళ్ళ పేరుతో ఆడించొచ్చట. నువ్వు తెలివిగలదానివి. జనం మళ్ళీ ఆ మెసేజి చూడాలనీ, దాని గురించే మాట్లాడుకోవాలనీ ఏదైనా గారడీ చేశావా? చేసి ఉంటే ఆపేయి. లైబ్రరీ లేకపోయినా ఫరవాలేదు. దాన్ని మళ్ళీ లేపకు.

పెద్దమ్మ


జూలై 6

పెద్దమ్మకి,

నువ్వు కూడానా?

సరే. నువ్వన్న మాటే గ్రూపంతా అంటోంది. "చందాల కోసం చచ్చిపోయిన పిల్లని ఆడిస్తున్నారు" అని రాశాడొకడు, పేరున్నవాడే. ఇద్దరు డబ్బు వెనక్కి ఇవ్వమన్నారు. హెడ్‌మాస్టారు మారుమాట లేకుండా ఇచ్చేశారట. పోయిన ఆదివారం లెక్క రాస్తే దాని కింద ఒక్క మంచి మాట లేదు. బీరువాల పని ఆపేయమని వడ్రంగికి కబురు వెళ్ళింది. కిటికీ తలుపులు బిగించక ముందే వాన పడితే, అట్టపెట్టెల్లో పుస్తకాలు ఏమవుతాయో నీకే బాగా తెలుసు.

అసలు సంగతి విను. మొన్న చిన్నక్క నెంబరు నుంచి ఆడియో వచ్చింది. చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. మాటలు లేవు. ఏదో టకటకటక, వేగంగా. ఆగింది. మళ్ళీ టకటక. ఎవరో దగ్గారు. కత్తెర కసుక్కుమన్నట్టు ఒక చప్పుడు. అంతే. గ్రూపులో ఒకావిడ అది పళ్ళు కొరుకుతున్న చప్పుడంది. ఇంకొకాయన రైలంటాడు. నేను పదిసార్లు విన్నాను. నాకు మాత్రం, తొందర్లో ఎవరో నడిచొస్తున్నట్టుంది.

ఆ ఆడియో వచ్చాక మందుల షాపాయన గ్రూపుకి తాళం వేశాడు. ఇక అడ్మిన్లు తప్ప ఎవరూ ఏమీ రాయలేరు. నేను జవాబు చెప్పుకోవడానికి కూడా లేదు! ఫోను చేసి అరిచాను. ఆయన చల్లగా, "ఆదివారం లోపు ఆ నెంబరు సంగతి తేల్చమ్మా. లేకపోతే నెంబరూ తీసేస్తా, మీ లైబ్రరీ మెసేజీ తీసేస్తా" అన్నాడు.

నేను గారడీ చెయ్యలేదు. చిన్నక్క మీద ఒట్టు. ఒట్ల మీద నాకు నమ్మకం లేదు, అయినా ఒట్టు.

ఆ మూట విప్పు పెద్దమ్మా. నీకు ధైర్యం లేకపోతే కళ్ళు మూసుకుని విప్పు.

అగ్గిపుల్ల


జూలై 10

నా తల్లీ,

విప్పాను.

తువ్వాల్లో ఫోను లేదు. మీ పెద్దనాన్న గుడ్డ మీద గీతలు గీసే సుద్ద పెట్టుకునే రేకు డబ్బా ఉంది. అదే పొడుగు, అదే బరువు. కుట్టుపనివాడు కదా, కొలత తప్పుతాడా?

ఆయన ఇంట్లో లేడు. పెట్టె మూసేసి బడికి వెళ్ళిపోయాను. ఎవరికీ చెప్పలేదు. మధ్యాహ్నం హెడ్‌మాస్టారిని అడిగి తొందరగా ఇంటికి వచ్చాను. గేటు తీస్తుండగా దాని గొంతు వినబడింది.

నేను అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాను. లోపల్నుంచి అది చదువుతోంది. స్పష్టంగా, బడిలో పిల్లలకి చదివినట్టే. "పాప పెట్టె పట్టుకుని పడవెక్కింది. పడవవాడు అడిగాడు, పాపా, ఆ పెట్టెలో ఏముంది? పాప మూత మీద చెయ్యి వేసి…" అని, కాగితం తిప్పిన చప్పుడు, నవ్వు. "మిగతాది రేపు." ఒక్క క్షణం ఏమీ లేదు. మళ్ళీ మొదట్నుంచి. మధ్యలో మిషను చప్పుడు. టకటకటక. నువ్వు రాసిన నడక అదేనే. గడప దగ్గర పడి ఉన్న గుడ్డతో యూనిఫారాలు కుడుతున్నాడు. ఫోను మిషను బల్ల మీద, నూనె సీసాకి ఆనించి ఉంది.

నన్ను చూసి ఆయన ఆపలేదు. "కూర్చో" అన్నాడు. ఎన్నాళ్ళకి మాట!

తర్వాత చెప్పాడు. అది బడి పిల్లల కోసం సాయంత్రాలు గ్రూపులో కథ చదివి పెట్టేది కదా. చివరిది అందులోనే ఉంది. గ్రూపు తెరిచి, పైకి జరుపుకుంటూ పోతే దొరుకుతుంది. అలా తెరిచిన ప్రతిసారీ మీకు టిక్కులు నీలం అయ్యాయి. ప్లే నొక్కబోయి మైకు గుర్తు నొక్కాడు. దాని వేలు ఫోను మీద ఎటు తిరిగితే తాళం తెరుచుకునేదో పక్కన కూర్చుని చూసి చూసి గుర్తుపెట్టుకున్నాడట, గుడ్డ మీద కత్తెర దారి గుర్తున్నట్టు. బజారుకి వెళ్ళింది దాని నెంబరుకి రీచార్జి చేయించడానికి.

నువ్వు పెట్టిన మెసేజి ఆయన చదవలేదే. నీకొక మాట చెప్పాలి. మీ పెద్దనాన్నకి చదవడం రాదు. మీ ఎవరికీ తెలియదు. కొలతలన్నీ ఆయన గీతలే, ఆయన గుర్తులే. సంతకం ఒక్కటి నేర్పాను. పేపరు పట్టుకుని కూర్చునేవాడు చూడు, బొమ్మలు చూసేవాడు. దానికి మాత్రం చిన్నప్పుడే తెలిసిపోయింది. అందుకే ఇంట్లో ప్రతిదీ పైకి చదివేది, సబ్బు మీది కాగితంతో సహా.

ఇది గ్రూపులో చెప్పకు. ఆయన ఇన్నేళ్ళు దాచుకున్న సిగ్గు. దాన్ని అమ్మి మనకి బీరువాలు వద్దు.

నిన్ను అనరాని మాట అన్నాను. మనసులో పెట్టుకోకు.

పెద్దమ్మ


జూలై 16

పెద్దమ్మకి,

నేనూ తక్కువ అన్నానా? అమ్మేశావా అన్నాను. ఇద్దరం సమానం.

ఆదివారం మందుల షాపాయనకి ఫోను చేశాను. "ఆ నెంబరు ఇంట్లోవాళ్ళ దగ్గరే ఉంది. పొరపాటున నొక్కుకుంది. అంతకంటే చెప్పను" అన్నాను. "ఇంట్లో ఎవరు? ఎందుకు? జనం అడుగుతారు కదమ్మా" అన్నాడు. నా నోట్లో మొత్తం సిద్ధంగా ఉంది పెద్దమ్మా. చెప్తే వాళ్ళ గుండెలు కరిగి డబ్బు వరదలా వస్తుందని తెలుసు. అలాంటి కథలు ఎలా పనిచేస్తాయో నాకు తెలుసు, రోజూ మడతపెడతాను. పంటి బిగువున ఆపుకున్నాను. నా జీవితంలో మొదటిసారి నోరు మూసుకున్నాను, రాసిపెట్టుకో. "అయితే సాయంత్రం తీసేస్తున్నా" అని ఫోను పెట్టేశాడు.

సాయంత్రం షాపు మూసే వేళకి, షట్టరు సగం దించి, ఫోను పట్టుకుని చూస్తున్నాను. గ్రూపుకి తాళం. ఎవరూ మాట్లాడలేరు. అప్పుడు ఆ చిన్న అక్షరాలు: "చిన్నక్క రికార్డు చేస్తోంది…"

నాకు అప్పటిదాకా తట్టనే లేదు. బడి తరఫున ఆ గ్రూపు పెట్టింది చిన్నక్కే. అడ్మిన్ల నుంచి ఆమె పేరు ఎవరూ తీయలేదు. అందరి నోళ్ళూ కట్టేశాక ఊరంతటిలో మాట్లాడగలిగేది ఇద్దరే: మందుల షాపాయన, పోయిన మనిషి.

విన్నాను. పెద్దనాన్న గొంతు. ముందు దగ్గు, ఆ పాత దగ్గే.

"ఎవరూ భయపడకండి. నేను, వాళ్ళ నాన్నని. అమ్మాయి ఫోను నేనే ఆన్ చేశాను. నాకు చదవడం రాదు. అది నాకు చదివి పెట్టేది. ఒక కథ సగంలో ఉంది. పాప, పెట్టె, పడవ. పెట్టెలో ఏముందో చెప్పలేదు. ఆ పుస్తకం ఎక్కడైనా ఉంటే బడికి పంపండి. ఎవరైనా పిల్లల చేత చదివించుకుంటాను." కాసేపు మిషను చక్రం తిరుగుతున్న చప్పుడు. "మా అగ్గిపుల్ల అబద్ధం ఆడలేదు."

అంతే. గ్రూపు తాళంలోనే ఉంది కాబట్టి కింద ఎవరూ ఏమీ రాయలేకపోయారు. ఒక్క చేతుల బొమ్మ లేదు, ఒక్క "శాంతి" లేదు. ఊరికే ఆ గొంతు అలా ఉండిపోయింది. దాని కింద ఖాళీ.

మందుల షాపాయన మర్నాటి దాకా తాళం తీయలేదు. నెంబరూ తీయలేదు.

నువ్వే చెప్పావా ఆయనకి? ఏం చెప్పావు?

అగ్గిపుల్ల


ఆగస్టు 11

అగ్గిపుల్లకి,

నేనేం చెప్పలేదే. నీ పాత ఉత్తరం, ఆదివారం లోపు అన్నది, చదివి వినిపించాను. అంతే. వింటూ బొత్తాం కుడుతున్నాడు. దారం కొరికి, "నా వల్ల పిల్ల మాట పడిందన్నమాట" అన్నాడు. నేను నీళ్ళకి వెళ్ళి వచ్చేసరికి మాట్లాడేశాడు.

గది తయారైంది. కిటికీ తలుపులు బిగించారు. బీరువా ఒకటే వచ్చింది, రెండోది వచ్చే నెల అన్నాడు వడ్రంగి. వెనక్కి తీసుకున్న ఇద్దరిలో ఒకరు మళ్ళీ ఇచ్చారు. పేరు నువ్వు వద్దన్నావు కాబట్టి చెప్పను. గదికి దాని పేరు పెడతామన్నారు. వద్దన్నాను. లైబ్రరీ అని రాస్తే చాలు.

ఆ పుస్తకం మాత్రం దొరకలేదు. దాని సంచిలోవన్నీ ఎవరెవరివో అడిగి తెచ్చినవి. అది పోయిన కొత్తలో నేను ఒళ్ళు తెలియక, అట్ట కూడా చూడకుండా ఎవరివి వాళ్ళకి పంపేశాను. పేరు ఎవరికీ తెలియదు. పడవ బొమ్మ ఉన్న పుస్తకాలు చాలా వచ్చాయి. అది కాదు, అది కాదు.

మీ పెద్దనాన్న రోజూ సాయంత్రం లైబ్రరీకి వెళ్తాడు. చాప మీద కూర్చుని, బీరువాలో ఒక్కో పుస్తకం తీసి ఎవరో ఒక పిల్లకి ఇచ్చి, మొదటి పేజీ చదవమంటాడు. పాప ఉందా, పెట్టె ఉందా? లేకపోతే పక్కన పెడతాడు. పిల్లలకి అదొక ఆట. "తాతా, ఇందులో కోడి ఉంది, సరిపోతుందా?" అంటారు. కొన్నిసార్లు ఆయన లేచి వచ్చేస్తాడు, వాళ్ళు ఆపకుండా చదువుతూనే ఉంటారు.

ఇంట్లో ఇప్పుడు దాని గొంతు రోజూ వినిపిస్తుంది. మొదట్లో పెరట్లోకి వెళ్ళిపోయేదాన్ని. ఇప్పుడు గిన్నెలు తోముతూ వింటాను. "మిగతాది రేపు" అంటుంది. రోజూ అంటుంది. ఏం చెయ్యను, సరే అంటాను.

ఆయన ఫోను చేయడం నేర్చుకున్నాడు. నీ బొమ్మ చూసి నొక్కుతాడు. నువ్వు ఎత్తడం లేదని బాధపడుతున్నాడు. కోపమా?

పెద్దమ్మ


ఆగస్టు 17

పెద్దమ్మకి,

కోపం కాదు. అది ఎలా చెప్పాలో తెలియక ఇన్నాళ్ళూ ఊరుకున్నాను.

మొన్న షాపులో కాగితాలు కోసే కట్టర్ దగ్గర ఉన్నాను. ఫోను మోగింది. తెర మీద "చిన్నక్క" అని వచ్చింది. నా ఫోనులో పేరు మార్చలేదు. మార్చడానికి కూర్చున్నాను, వేలు రాలేదు. ఫోను మోగుతుంటే ఓనరు "ఎత్తవేమ్మా?" అన్నాడు. ఎత్తలేదు. చేతకాక కాదు. ఎత్తితే పెద్దనాన్న దగ్గు వినబడుతుంది. ఎత్తనంతసేపూ ఎవరైనా కావచ్చు.

దయ్యాలు లేవని ఇప్పటికీ వాదిస్తాను. ఎవరొచ్చినా సరే, రుజువులతో సహా వాదిస్తాను. కానీ ఆ పేరు వెలుగుతున్నంతసేపూ నేను వాదన ఆపేస్తాను పెద్దమ్మా.

పెద్దనాన్నకి చెప్పు, ఫోను చేస్తూ ఉండమని. వెంటనే ఎత్తకపోతే పెట్టెయ్యొద్దని చెప్పు. ఎత్తుతాను. కొంచెం మోగనిచ్చి ఎత్తుతాను.

నీ అగ్గిపుల్ల